ముందు ఆకారం, తర్వాత రంగు, ఆఖరున బొమ్మ: ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో రోడ్డు గుర్తులు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి, తెర మీద బొమ్మలు కనపడాలి. ఇవాళంతా బొమ్మల పనే.

మీలో చాలామంది ఎల్‌ఎల్‌ఆర్‌కి స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లే. పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు, భాష తెలుగు ఎంచుకోవచ్చు. మన దగ్గర 20 ప్రశ్నలు, 12 కరెక్టయితే పాస్. ఆ 12 ఎక్కడి నుంచి వచ్చిందంటే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 60 శాతం అని ఉంది. ప్రశ్నల్లో చాలావాటికి ఒక బొమ్మ ఉంటుంది, కింద జవాబులుంటాయి, ఒకటి నొక్కాలి. టైమ్ నడుస్తూనే ఉంటుంది.

మరి చాలామంది ఏం చేస్తారు? ఒక చార్టు కొనుక్కుని, అందులో ఉన్న బొమ్మలన్నీ బట్టీ పడతారు. సైకిల్ బొమ్మ వస్తే ఇది, మనిషి బొమ్మ వస్తే ఇది, బాణం వస్తే ఇది అని. పరీక్షలో తడబడేది సరిగ్గా ఇలా చదివినవాళ్లే. ఎందుకో చూపిస్తాను.

ఇదిగో, తెర మీద సైకిల్. ఒట్టి సైకిల్ బొమ్మ, చుట్టూ ఏమీ లేదు. దీని అర్థం ఏమిటి? చెప్పండి. ఎవరో "సైకిళ్లు వెళ్లకూడదు" అన్నారు. ఈ పక్క నుంచి "సైకిళ్ల దారి" అన్నారు. ఇంకెవరైనా? సరే. ఇద్దరూ తప్పే, ఇద్దరూ ఒప్పే. ఎందుకంటే ఒట్టి సైకిల్‌కి అర్థమే లేదు. ఇప్పుడు దాని చుట్టూ ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రం పెట్టి, మీద ఎర్ర అడ్డగీత కొడుతున్నాను. సైకిళ్లు రాకూడదు. ఆ గుండ్రం తీసేసి నీలం గుండ్రం పెడుతున్నాను, సైకిల్ తెల్లగా మారింది. ఇది సైకిళ్ల ట్రాక్, సైకిల్ వాళ్లు తప్పకుండా ఇందులోనే వెళ్లాలి. అదీ తీసేసి ఎర్ర అంచున్న త్రిభుజం, కొన పైకి. ముందు సైకిళ్లు రోడ్డు దాటే చోటుంది, చూసుకుని వెళ్లు. సైకిల్ మారిందా? మారలేదు. ఒకటి వద్దంది, ఒకటి చెయ్యమంది, ఒకటి జాగ్రత్త అంది. ఆ మూడు జవాబులూ మీ తెర మీద ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ప్రశ్న తయారుచేసినవాళ్లకి మనం ఎక్కడ పొరపడతామో బాగా తెలుసు.

అందుకని వరస గుర్తుపెట్టుకోండి. ముందు ఆకారం, తర్వాత రంగు, ఆఖరున బొమ్మ. బొమ్మ దేని గురించో చెబుతుంది, ఆకారమూ రంగూ ఏం చెయ్యాలో చెబుతాయి.

ఆకారాలు మూడే. గుండ్రంగా ఉందంటే అది ఆజ్ఞ, తప్పనిసరి గుర్తు. పాటించకపోతే చలానా రాస్తారు. కొన పైకి ఉన్న త్రిభుజం హెచ్చరిక, ముందు ఏదో ఉంది అని. దీర్ఘచతురస్రమో చతురస్రమో అయితే సమాచారం: ఇక్కడ పెట్రోలు బంకుంది, ఇక్కడ ఆసుపత్రుంది, ఊరు ఇటు. 1988 మోటారు వాహనాల చట్టంలో మొదటి షెడ్యూలులోనే గుర్తుల్ని ఇలా మూడు గుంపులు చేశారు. మన ఊరి బోర్డుకైనా కాశ్మీరు బోర్డుకైనా ఇదే లెక్క.

గుండ్రం దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గుండ్రం అని తెలిశాక ఇంకా సగమే తెలిసింది. ఆజ్ఞ సరే, చెయ్యమనా, వద్దనా? అది రంగు చెప్పాలి. ఎర్ర అంచు, తెల్లటి నేల, నల్ల బొమ్మ అయితే వద్దు, లేదా ఇంతవరకే. నేలంతా నీలం, బొమ్మ తెలుపు అయితే చెయ్యి, చెయ్యాల్సిందే.

హారన్ చూడండి. పాతకాలం బూర బొమ్మ వేస్తారు. ఎర్ర అంచులో అడ్డగీతతో ఉంటే హారన్ కొట్టకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, అక్కడ పెడతారు. అదే బూర నీలం గుండ్రంలో ఉంటే హారన్ తప్పనిసరిగా కొట్టాలి. కొట్టాలా అని ఆశ్చర్యపోతున్నారు కదా? ఘాట్ రోడ్డులో ఎదురుగా కొండ అడ్డమొచ్చే మలుపు దగ్గర అవతలివాడు మీకు కనపడడు, మీరు అతనికి కనపడరు. అక్కడ హారనే కన్ను. ఊళ్లో తిరిగేవాళ్లు ఈ నీలం బూర ఎప్పుడూ చూసి ఉండరు. అందుకే పరీక్షలో బూర కనపడగానే "హారన్ నిషేధం" నొక్కేస్తారు.

అంకెలు కూడా అంతే. ఎర్ర అంచులో 50 అంటే 50 దాటకూడదు. నీలం గుండ్రంలో 50 అంటే 50కి తగ్గకూడదు. అంకె అదే, మాట పూర్తిగా తిరగబడింది.

ఇంకో మాట, ఎర్ర అంచు గుండ్రాలన్నిటికీ అడ్డగీత ఉండదు. వేగం, బరువు, ఎత్తు, వెడల్పు పరిమితులకి ఉండదు. అంకె పక్కన బాణాలున్నాయేమో చూడండి. 3.5 ఎం అని రాసి పైనా కిందా బాణం మొనలుంటే ఎత్తు పరిమితి. 2 ఎం అని రాసి ఎడమా కుడీ మొనలుంటే వెడల్పు పరిమితి. 5 టి అని ఒట్టి అంకె ఉంటే బరువు. అంకె కింద ఇరుసు, చక్రాలు గీసి ఉంటే మొత్తం బండి బరువు కాదు, ఇరుసు మీద పడే బరువు. బైకు లైసెన్సుకి నాకిదెందుకు అని మీరనుకోవచ్చు. ప్రశ్న వస్తుంది, అందుకు.

ఇప్పుడు ఈ లెక్కకి లొంగనివి. ఇవి కొన్నే, కానీ పరీక్షలో తరచుగా ఇవే వస్తాయి. మొదటిది స్టాప్. గుండ్రం కాదు, ఎనిమిది పలకలు, నేలంతా ఎరుపు, తెల్ల అక్షరాలు. రెండోది దారి ఇవ్వు. త్రిభుజమే, కానీ తలకిందులు, కొన నేల వైపు, ఎర్ర అంచు, లోపల తెలుపు. ఈ రెండూ ఆజ్ఞలే, తప్పనిసరి గుర్తులే. "కింది వాటిలో తప్పనిసరి గుర్తు ఏది" అని అడిగి ఈ తలకిందుల త్రిభుజం ఇస్తారు. త్రిభుజం కదా అని హెచ్చరిక నొక్కితే పోయింది. మరి వీటికి వేరే ఆకారం ఎందుకు ఇచ్చారు? ఈ రెండిటికి ఉన్న ఆకారం ఇంకే గుర్తుకీ లేదు. బురద కొట్టినా, సినిమా పోస్టరు అంటించినా, వెనక నుంచి చూసినా ఎనిమిది పలకలు కనపడితే స్టాపే. జంక్షన్‌లో పక్క రోడ్డు వాడికి స్టాప్ ఉందా లేదా అని మీరు ఆ బోర్డు వీపు చూసి చెప్పగలరు.

రెండిటికీ తేడా కూడా అడుగుతారు. స్టాప్ దగ్గర రోడ్డంతా ఖాళీగా ఉన్నా సరే, గీత వెనక చక్రం పూర్తిగా ఆగాలి. చూసుకుని అప్పుడు కదలాలి. దారి ఇవ్వు దగ్గర అవతల బండి వస్తుంటే ఆగాలి, ఎవరూ లేకపోతే నెమ్మదిగా పోవచ్చు.

మూడోది, నీలం నేల మీద ఎర్ర అంచు, ఎర్ర అడ్డగీత. ఇందాక నేనే నీలమంటే చెయ్యమని అన్నాను కదా? ఇక్కడ అంచు చూడాలి. నీలం గుండ్రానికి ఎర్ర అంచూ ఎర్ర గీతా వచ్చాయంటే అది బండి నిలపడం గురించి. ఒక గీత ఉంటే పార్కింగ్ వద్దు. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే ఆపడమే వద్దు. ఒక గీత దగ్గర మనిషిని దింపి వెళ్లిపోవచ్చు, రెండు గీతల దగ్గర అది కూడా కుదరదు. ఒక గీతా రెండు గీతలా, అంతే చూడండి.

నాలుగోది, ఎర్ర పళ్లెం, మధ్యలో అడ్డంగా తెల్ల పట్టీ. ఇటు నుంచి ప్రవేశం లేదు. వన్‌వేకి తప్పు చివర ఇదే కనిపిస్తుంది. దీన్ని ఎర్ర అంచున్న ఖాళీ తెల్ల గుండ్రంతో కలిపేస్తుంటారు. ఆ ఖాళీ గుండ్రం రెండు వైపుల నుంచీ వాహనాలు వద్దని చెబుతుంది. లోపల బొమ్మ లేదు కాబట్టి అర్థం లేదనుకోకండి, ఏ ఒక్క బండినీ విడిగా చెప్పలేదంటే అన్నీ అని. ఇక అంచు ఎర్రగా లేని తెల్ల గుండ్రం, మీద ఏటవాలుగా నల్ల పట్టీ ఉంటే అప్పటిదాకా ఉన్న ఆంక్ష అక్కడితో అయిపోయిందని అర్థం. గుండ్రాల్లో వద్దూ చెయ్యీ కాకుండా, వదిలేశాను అని చెప్పేది ఇదే.

ఏమ్మా, రాసుకోవడం అయిందా? సరే, ముందుకు పోదాం.

త్రిభుజాల్లో రంగు గొడవ లేదు. అన్నిటికీ ఎర్ర అంచు, తెల్ల నేల, నల్ల బొమ్మ. ఇక్కడ బొమ్మని జాగ్రత్తగా చూడాలి, దగ్గర దగ్గరగా ఉండేవి ఉన్నాయి కాబట్టి. బాణంతో ఒకటి పూర్తిగా చేద్దాం, తెర మీద చూడండి. త్రిభుజంలో బాణం పైకి వెళ్లి కుడికి వంగింది. కింద జవాబులు: ఒకటి, కుడికి తిరగరాదు. రెండు, తప్పక కుడికి తిరగాలి. మూడు, ముందు కుడి వంపు ఉంది. వరస పాటించండి. ఆకారం త్రిభుజం, అంటే ఆజ్ఞ కాదు. కాబట్టి "రాదు" అన్నదీ "తప్పక" అన్నదీ బాణం చూడకముందే పోయాయి. మిగిలింది మూడోది. బాణం ఎటు వంగిందో సరిచూసుకుని నొక్కండి. జవాబుల్లో ఈ మాటలు చూడండి: "రాదు" గానీ "తప్పక" గానీ ఉంటే గుండ్రానికి సంబంధించింది, "ముందు ఉంది" అని ఉంటే త్రిభుజానికి సంబంధించింది. బొమ్మ అసలు గుర్తుకురాని ప్రశ్నలో కూడా దీంతో జవాబులు సగం తగ్గిపోతాయి.

వంపుల్లోనే ఇంకొకటి. బాణం ఒకసారి మామూలుగా వంగితే వంపు. వెనక్కి తిరిగి వచ్చిన దిక్కుకే వెళ్లిపోతే హెయిర్‌పిన్ మలుపు. ఎస్ ఆకారంలో రెండు వంపులుంటే, కుడా ఎడమా అన్నది మొదటి వంపుని బట్టి చెప్పాలి. కింద నుంచి పైకి చదవండి, మీరు వెళ్లేది అటే కదా.

ఇరుకు రోడ్డు, ఇరుకు వంతెన. రెండిటిలోనూ రెండు గీతలు దగ్గరికి వస్తాయి. రోడ్డుకి దగ్గరికొచ్చి అలాగే పైకి పోతాయి. వంతెనకి మధ్యలో దగ్గరికొచ్చి మళ్లీ రెండు వైపులా విచ్చుకుంటాయి, ఎందుకంటే వంతెన దాటాక రోడ్డు మళ్లీ వెడల్పు. దీనితో జతగా ఒక నియమం ప్రశ్న వస్తుంది. మీరు ఇరుకు వంతెన దగ్గరికి వచ్చారు, అవతల నుంచి ఒక బండి వంతెన ఎక్కబోతోంది, ఏం చేస్తారు? వేగం పెంచి ముందే దాటేస్తాను అని ఒక జవాబుంటుంది, లైటు వేసి దాటుతాను అని ఒకటుంటుంది. సరైనది, ఆ బండి దాటేదాకా ఆగి తర్వాత వెళ్లడం. హెడ్‌లైటు కొట్టినంత మాత్రాన దారి మీదైపోదు. ఆ అలవాటు మన రోడ్ల మీదే పుట్టింది, నియమాల్లో ఎక్కడా లేదు.

రైల్వే గేటుకి రెండు బొమ్మలు. గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్న క్రాసింగ్. రైలింజను బొమ్మ ఉంటే కాపలా లేనిది. బోర్డు కింద గీతలున్న పలక ఉంటుంది. రెండు గీతలుంటే క్రాసింగ్ 200 మీటర్ల దూరంలో ఉంది, ఒక గీత ఉంటే 50 నుంచి 100 మీటర్లలో ఉంది. దగ్గరయ్యే కొద్దీ గీతలు తగ్గుతాయి. 2019 జనవరి నాటికే బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని క్రాసింగులన్నీ తీసేశారు కదా, ఇంకా ఎందుకు చదవాలి అని అడుగుతారు. చట్టం అలాగే ఉంది, ప్రశ్న కూడా వస్తూనే ఉంది. కాపలా లేని చోట బండి ఆపాలి. బండిలో కండక్టరో, క్లీనరో, తోడున్న మనిషో ఉంటే అతను దిగి పట్టాల దాకా నడిచి, రెండు వైపులా రైలు రావట్లేదని చూసి, తర్వాత బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. "హారన్ కొట్టుకుంటూ వెళ్లాలి" అన్న జవాబుకి మోసపోకండి.

సమాచారం బోర్డుల్లో ఇబ్బంది పెద్దగా లేదు. నీలం దీర్ఘచతురస్రంలో తెల్లటి గడి, గడిలో బొమ్మ. ఒక్కటి మాత్రం చూసుకోండి. ఒట్టి ఎర్ర క్రాస్ ఉంటే ప్రథమ చికిత్స కేంద్రం, క్రాస్‌తో పాటు మంచం ఉంటే ఆసుపత్రి. క్రాస్ చూడగానే ఆసుపత్రి నొక్కేవాళ్లే ఎక్కువ.

ఇక బొమ్మ లేని ప్రశ్నలు. అన్నీ ఇవాళ కుదరవు. రెండు మూడు నియమాలు ఎందుకు అలా ఉన్నాయో తెలిస్తే మిగతావి వాటంతటవే వస్తాయి.

సిగ్నలూ పోలీసూ లేని కూడలి. దారి ఎవరికి ఇవ్వాలి? కుడి వైపు నుంచి వచ్చే బండికి. ఎందుకు కుడే? ఆలోచించండి. మనం రోడ్డుకి ఎడమ పక్క నడుపుతాం. అడ్డరోడ్డు మీద కుడి నుంచి వచ్చేవాడు కూడా తన ఎడమ పక్కే వస్తాడు, అంటే మనకి దగ్గరగా ఉన్న సగంలో. మనం ముక్కు బయట పెట్టగానే తగిలేది అతనే. ఎడమ నుంచి వచ్చేవాడు అవతలి సగంలో ఉంటాడు, అతన్ని చేరేలోపు మనకి ఇంకో సగం రోడ్డుంది. రౌండ్‌అబౌట్ దగ్గర కూడా ఇదే. అప్పటికే తిరుగుతున్న బండ్లు మనకి కుడి నుంచే వస్తాయి, వాటిని పోనివ్వాలి. చిన్న రోడ్డు నుంచి పెద్ద రోడ్డెక్కేటప్పుడు మాత్రం కుడీ ఎడమా లేదు, పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్లందరికీ దారి ఇవ్వాలి.

ఘాట్‌లో రెండు బండ్లు పట్టని చోట ఎదురెదురు పడితే, దిగేవాడు పక్కకి ఆగాలి, ఎక్కేవాడు పోవాలి. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం ఉంది. నిండు లోడుతో ఉన్న లారీని ఊహించుకోండి, జవాబు మర్చిపోరు.

ఆ, వెనక నుంచి ఒక బాబు చెయ్యెత్తాడు. ఏమిటి? "సిగ్నల్ లైటు వెలిగి ఆరుతుంటే ఏం చెయ్యాలి" అంటున్నాడు. మంచి ప్రశ్న, రాత్రి పూట చాలా కూడళ్లలో అలాగే పెడతారు. ఎరుపు వెలిగి ఆరుతుంటే దాన్ని స్టాప్ బోర్డు అనుకోండి. గీత దగ్గర పూర్తిగా ఆగి, చూసుకుని కదలాలి. పసుపు వెలిగి ఆరుతుంటే ఆగక్కర్లేదు, వేగం తగ్గించి జాగ్రత్తగా దాటాలి. స్థిరంగా వెలిగే పసుపు వేరు. అది త్వరపడమని కాదు. గీత వెనక ఆగమని. అప్పటికే గీత మీదికొచ్చేసి, ఆగితే వెనకవాడు గుద్దేటట్టుంటేనే దాటాలి.

ఇంకో ప్రశ్న ఉందమ్మా? "ఎర్ర లైటున్నా ఎడమకి వెళ్లొచ్చు కదా" అంటున్నారు. ఫ్రీ లెఫ్ట్. మన ఊళ్లలో అందరూ వెళుతున్నారు కాబట్టి ఇది నియమం అనుకుంటున్నాం. ఎర్ర లైటు ఎడమకి తిరిగేవాడికి కూడా ఎర్ర లైటే. అక్కడ ఫ్రీ లెఫ్ట్ అని బోర్డున్నా, ఎడమకి ఆకుపచ్చ బాణం వెలిగినా వెళ్లొచ్చు. వెళ్లినా సరే, జీబ్రా గీతల మీద నడిచేవాళ్లు దాటేదాకా ఆగి వెళ్లాలి. బోర్డూ బాణం లేకపోతే గీత వెనకే ఉండండి, పరీక్షలోనూ "ఆగాలి" అన్నదే నొక్కండి.